యాప్ తీసేసినా డబ్బు ఎందుకు పోయింది?

ప్రశ్న: ఫొటోలు సరిదిద్దే ఒక సాఫ్ట్‌వేర్‌ను 7 రోజుల ఉచిత ట్రయల్ మీద ఫోన్‌లో తీసుకున్నాను. నెలకు ఇంత అని తెరపై చిన్న మొత్తమే కనిపించింది. నచ్చలేదు కాబట్టి ఐదో రోజే యాప్‌ను ఫోన్ నుంచి తీసేశాను. అయినా నిన్న నా కార్డు నుంచి ఏడాది మొత్తం ఒకేసారి పోయింది. కార్డు బ్లాక్ చేయించుకోమని స్నేహితురాలు అంటోంది. ఆ డబ్బు తిరిగి వస్తుందా? సినిమాలు, సీరియళ్లు చూసే స్ట్రీమింగ్ చందాలు కూడా మా ఇంట్లో రెండు మూడు ఉన్నాయి. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటున్నారు. అలా కట్టడం లాభమా, నష్టమా?

సమాధానం: డబ్బు పోయింది నిన్ననే కాబట్టి వివరణలన్నీ తర్వాత చదువుకోవచ్చు. ముందుగా ఈ రోజే చేయవలసిన పని ఒకటి ఉంది. మీరు ఆ చందాను ఎవరి దగ్గర కొన్నారో తేల్చుకోండి. సాఫ్ట్‌వేర్ తయారు చేసిన సంస్థ ఒకటి, మీ దగ్గర డబ్బు తీసుకున్న సంస్థ మరొకటి అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఫోన్‌లోని యాప్‌లోంచే ట్రయల్ మొదలుపెట్టి ఉంటే, డబ్బు తీసుకున్నది సాధారణంగా ఆపిల్ యాప్ స్టోర్ గానీ గూగుల్ ప్లే గానీ అవుతుంది. కంప్యూటర్‌లో సంస్థ వెబ్‌సైట్‌కు వెళ్లి కార్డు నంబరు ఇచ్చి ఉంటే, డబ్బు నేరుగా ఆ సంస్థకే వెళ్లి ఉంటుంది. సందేహంగా ఉంటే మీకు వచ్చిన రసీదు ఈమెయిల్ ఎవరు పంపారో చూడండి. కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ లావాదేవీ పక్కన ఉన్న పేరు చూసినా తెలుస్తుంది.

ఆపిల్ ద్వారా కొన్నట్లయితే reportaproblem.apple.com అనే చిరునామాలో మీ ఖాతాతో లోపలికి వెళ్లి, "Request a refund" ఎంచుకుని, కారణం తెలిపి, ఆ కొనుగోలును గుర్తించి పంపాలి. గూగుల్ ప్లే ద్వారా కొన్నట్లయితే కొన్న 48 గంటల లోపు గూగుల్‌నే రిఫండ్ అడగవచ్చు. ఆ గడువు దాటితే సాఫ్ట్‌వేర్ తయారు చేసినవారినే అడగమని వాళ్లు చెబుతారు. అందుకే ఈ పని రేపటికి వాయిదా వేయవద్దంటున్నాను. వెబ్‌సైట్‌లో కొన్నట్లయితే ఆ సంస్థ నిబంధనలే వర్తిస్తాయి. అక్కడ కూడా డబ్బు తీసుకున్న ఒకటి రెండు రోజుల్లోనే రాతపూర్వకంగా అడిగినవారి మాటకు, నెల తర్వాత అడిగినవారి మాటకంటే ఎక్కువ బలం ఉంటుంది. ట్రయల్ ముగిసిన తర్వాత మీరు ఆ సాఫ్ట్‌వేర్‌ను ఒక్కసారి కూడా తెరవలేదు. మీ ఖాతాలో చివరిగా ఎప్పుడు లాగిన్ అయ్యారో సంస్థ తన రికార్డుల్లో చూసుకోగలదు కాబట్టి, మీ విజ్ఞప్తిలో అన్నిటికంటే గట్టి వాక్యం అదే. దాన్ని మొదటి వరుసలోనే రాయండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. చందా రద్దు చేయడం, డబ్బు తిరిగి అడగడం రెండు వేర్వేరు పనులు. రద్దు చేసినంత మాత్రాన కట్టిన డబ్బు తిరిగి రాదు. రద్దు వల్ల వచ్చే ఏడాది వసూలు మాత్రమే ఆగుతుంది. రిఫండ్ వచ్చినంత మాత్రాన చందా రద్దయిందనే హామీ కూడా లేదు. మీరు ముందు రద్దు చేసి, రద్దు అయినట్లు కనిపించే తెరను స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆ తర్వాత రిఫండ్ అడగండి. ఐఫోన్‌లో అయితే Settings తెరిచి, పైన ఉన్న మీ పేరును నొక్కితే Subscriptions కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో అయితే ప్లే స్టోర్ తెరిచి, మీ ప్రొఫైల్ బొమ్మను నొక్కి, Payments & subscriptions లోకి వెళ్లాలి.

ఇప్పుడు యాప్ తీసేసినా డబ్బు ఎందుకు పోయిందో చూద్దాం. ఫోన్‌లో ఉండే యాప్ వేరు, మీ పేరు మీద నడిచే చందా వేరు. యాప్ అనేది మీ ఫోన్‌లోని ఒక ఫైలు. చందా అనేది స్టోర్ లేదా సంస్థ సర్వర్లో, మీ ఖాతా పేరుతో, ఒక వసూలు తేదీతో ఉన్న నమోదు. మీరు ఫోన్‌లోంచి ఫైలు తీసేసినప్పుడు సర్వర్లోని నమోదుకు ఏమీ కాదు. యాప్ తీసేసేటప్పుడు ఫోన్ "మీకు ఇంకా చందా ఉంది" అని హెచ్చరించవచ్చు. ఆ హెచ్చరికను మూసేస్తే చందా అలాగే కొనసాగుతుంది.

ఉచిత ట్రయల్ అనే మాటలోనే అసలు చిక్కు ఉంది. కార్డు వివరాలు అడగని ట్రయల్ నిజంగా ట్రయలే, దాన్ని మరిచిపోయినా నష్టం లేదు. కార్డు అడిగిన ట్రయల్ మాత్రం ఈ రోజు కొని, 7 రోజుల తర్వాత డబ్బు చెల్లించే కొనుగోలు. మీ అంగీకారం మొదటి రోజే నమోదైపోతుంది. ఆ తర్వాత మిమ్మల్ని ఎవరూ "కొనసాగించమంటారా" అని అడగనవసరం లేదు. మీరు వద్దని చెప్పకపోవడమే సరే అన్నట్లు లెక్క. ఇలా కార్డు ఇచ్చి మొదలుపెట్టినదాన్ని "ఆలస్యంగా డబ్బు కట్టే కొనుగోలు" అని మనసులో పేరు మార్చుకుంటే, ఆ తెర మీద ఏమి చదవాలో దానంతట అదే తెలుస్తుంది. మనం చదవవలసింది మూడే సంగతులు. ఏ తేదీన వసూలు చేస్తారు, ఆ రోజు మొత్తం ఎంత తీసుకుంటారు, ఎంత కాలానికి తీసుకుంటారు. మీకు కనిపించిన నెలవారీ మొత్తం ఈ మూడింటిలో దేనికీ జవాబు కాదు. ఏడాది ధరను పన్నెండుతో భాగించి పెద్ద అక్షరాలతో చూపించారు, అంతే. దాని కింద చిన్న అక్షరాలతో "billed annually" అని ఉండి ఉంటుంది. నెలవారీ ప్లాన్, వార్షిక ప్లాన్ రెండూ పక్కపక్కన ఉన్న తెర మీద వార్షిక ప్లాన్‌నే ముందుగా ఎంచి ఉంచడం సర్వసాధారణం. మీరు దేన్నీ మార్చకుండా ట్రయల్ మొదలుపెట్టే బటన్ నొక్కితే, వార్షిక ప్లాన్‌ను ఎంచుకున్నట్లే అవుతుంది.

ట్రయల్ గడువు విషయంలో తేదీతో పాటు గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడో తేదీ రాత్రి 9 గంటలకు 7 రోజుల ట్రయల్ మొదలైందనుకోండి. అది పదో తేదీ రాత్రి 9 గంటలకు ముగుస్తుంది. "పదో తేదీ సాయంత్రం ఇంటికి వచ్చాక రద్దు చేస్తాను" అనుకున్నవారు నష్టపోతారు, ఎందుకంటే ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలని ఆపిల్ చెబుతోంది. అంటే తొమ్మిదో తేదీ రాత్రి 9 గంటలే నిజమైన హద్దు. 7 రోజుల ట్రయల్‌లో మీకు నిశ్చింతగా దొరికేవి 6 రోజులే. దానికి తోడు, నేరుగా వెబ్‌సైట్‌లో కొన్నవాటిలో గడువును సంస్థ తన సర్వర్ కాలమానం ప్రకారం లెక్కించవచ్చు. అది మీ గోడ గడియారంతో కొన్ని గంటలు తేడాగా ఉండవచ్చు. కాబట్టి ఈ ఉదాహరణలో ఎనిమిదో తేదీని చివరి రోజుగా పెట్టుకోవడం మంచిది.

ఇంకా మంచి పద్ధతి ఒకటుంది. ట్రయల్ మొదలుపెట్టిన రోజే, అవసరమైతే ఆ నిమిషంలోనే, రద్దు చేసేయడం. గూగుల్ ప్లేలో రద్దు చేసినా గడువు ముగిసేదాకా వాడుకోనిస్తారు. చాలా వెబ్‌సైట్లలోనూ అంతే. కొన్నిచోట్ల మాత్రం, ముఖ్యంగా కొన్ని స్ట్రీమింగ్ ట్రయళ్లలో, రద్దు నొక్కిన క్షణమే సేవ ఆగిపోతుంది. ఆ సంగతి రద్దును ఖాయం చేసే ఆఖరి తెర మీద రాసి ఉంటుంది. "ఫలానా తేదీ వరకు వాడుకోవచ్చు" అని ఉంటే నిర్భయంగా రద్దు చేయండి. "వెంటనే ఆగిపోతుంది" అని ఉంటే వెనక్కి వచ్చి, ముందు చెప్పిన హద్దుకు ఒక రోజు ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

మీ రెండో ప్రశ్న వార్షిక తగ్గింపు గురించి. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలవాలనుకుంటున్నాను, ఎందుకంటే ఉచిత ట్రయల్‌లో పోయే డబ్బుకంటే ఇక్కడ నెమ్మదిగా పోయే డబ్బే ఎక్కువని నా నమ్మకం.

ఏ దేశపు డబ్బయినా లెక్క ఒకటే కాబట్టి కరెన్సీ పేరు లేకుండా అంకెలే తీసుకుందాం. ఒక చందా నెలనెలా కడితే 15. ఏడాదికి ఒకేసారి కడితే 120. పన్నెండు నెలలకు నెలవారీ ధర చొప్పున 180 అవుతుంది కాబట్టి, ఏడాది ప్లాన్ మీద 33 శాతం తగ్గింపు అని చూపిస్తారు. "నాలుగు నెలలు ఉచితం" అని కూడా అనవచ్చు, అదీ అబద్ధం కాదు. కానీ ఈ తగ్గింపు ఏడాది పొడవునా ఏ నెలా మానకుండా చందా కట్టే మనిషితో పోల్చి లెక్కవేసినది. మీరు ఆ మనిషి అవునో కాదో సంస్థకు తెలియదు, కొన్నాళ్లు వాడేదాకా మీకూ తెలియదు. కాబట్టి శాతాన్ని పక్కనపెట్టి 120ని 15తో భాగించండి. 8 వస్తుంది. ఏడాదిలో 8 నెలలకంటే ఎక్కువ కాలం ఆ సేవకు మీరు నిజంగా డబ్బు కడతారనుకుంటే వార్షిక ప్లాన్ చవక, తక్కువైతే నెలవారీ ప్లాన్ చవక. ఐదు నెలలు చూసి మానేసే మనిషికి నెలవారీలో 75 సరిపోతుంది, వార్షికంలో 120 పోతుంది. అంటే 33 శాతం తగ్గింపు తీసుకున్న ఆ మనిషి నిజానికి 45 ఎక్కువ కట్టాడు. పన్నెండు నెలలూ వాడినవారు 60 మిగుల్చుకుంటారు. రెండూ నిజమే, తేడా మీ అలవాటులో ఉంది.

ఈ భాగహారం ఒక్కటే చేసి ఆగిపోతే సగం లెక్కే చేసినట్లు. మిగతా సగం మరిచిపోవడానికి సంబంధించినది. నెలవారీ చందాను మరిచిపోతే నష్టం 15. పైగా ప్రతి నెలా స్టేట్‌మెంట్‌లో ఆ పేరు కనిపిస్తుంది. ఏదో ఒక నెల మీ కన్ను దాని మీద పడుతుంది. వార్షిక చందాను మరిచిపోతే నష్టం 120. ఆ పేరు ఏడాదిలో ఒక్క రోజే కనిపిస్తుంది, అదీ డబ్బు పోయిన తర్వాత. ఈ మరుపు చిన్న విషయం కాదని చూపించిన ఒక పరిశోధన ఉంది. లిరాన్ ఐనావ్, బెంజమిన్ క్లోపాక్, నీల్ మహోనీ అనే ఆర్థికవేత్తలు కార్డుల రికార్డులు తీసుకుని, ఒకరి కార్డు గడువు తీరి కొత్తది వచ్చిన నెలలో వారి చందాలు ఏమయ్యాయో గమనించారు. కొత్త కార్డు వివరాలు ఇవ్వాల్సి వచ్చినప్పుడు మనిషి "ఇది నాకు ఇంకా కావాలా" అని తప్పనిసరిగా ఆలోచిస్తాడు. సరిగ్గా ఆ నెలలోనే చందాలు మానేసేవారి సంఖ్య ఒక్కసారిగా పెరుగుతున్నట్లు వాళ్లకు కనిపించింది. మిగతా నెలల్లో కట్టిన డబ్బులో కొంత భాగం ఇష్టంతో కాక, గమనించకపోవడం వల్ల కట్టినదని దాని అర్థం. ఆ గమనింపు లేకపోవడం వల్ల అమ్మకందారుల ఆదాయం సేవను బట్టి 14 శాతం నుంచి 200 శాతానికి పైగా పెరుగుతోందని 2023లో వాళ్లు అంచనా వేశారు.

నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను. చందా ధర అంటే తెర మీది అంకె మాత్రమే కాదు, "కావాలా వద్దా" అనే ప్రశ్న ఏడాదిలో ఎన్నిసార్లు మీ ముందుకు వస్తుందన్నది కూడా ధరలో భాగమే. నెలవారీ ప్లాన్‌లో ఆ ప్రశ్న పన్నెండుసార్లు వస్తుంది. వార్షిక ప్లాన్‌లో ఒక్కసారే వస్తుంది, ఆటోమేటిక్ రెన్యూవల్ ఉంటే ఆ ఒక్కసారి కూడా రాదు. తగ్గింపు ఇచ్చి సంస్థ మీ దగ్గర కొనుక్కునేది ఆ పదకొండు ప్రశ్నలనే. ఆ బేరం కొందరికి గిట్టుబాటు అవుతుంది, నేను కాదనను. కానీ రెన్యూవల్‌ను ఆపివేసి వార్షిక ప్లాన్ తీసుకున్నవారికి తగ్గింపు దక్కుతుంది, ఏడాది చివర ఆ ఒక్క ప్రశ్న కూడా తిరిగి వస్తుంది. కాబట్టి కొన్న రోజే రెన్యూవల్ ఆపండి. స్టోర్ల ద్వారా కొన్న చందాల్లో రద్దు చేయడమంటే రెన్యూవల్ ఆపడమే. కట్టిన ఏడాది ముగిసేదాకా సేవ మీకు ఉంటుంది.

మొదటి ఏడాది ధర విషయంలో ఒక మాట. కొన్ని ప్రకటనల్లో మొదటి ఏడాదికి 72 అని, అంటే నెలకు 6 పడుతుందని ఉంటుంది. రెండో ఏడాది నుంచి 120 అనే సంగతి "then" లేదా "renews at" అనే మాట తర్వాత ఉంటుంది. మీరు రెండేళ్లు ఉంటే కట్టేది 192, నెలకు 8. ప్రకటనలోని 6కూ ఈ 8కీ మధ్య తేడా మీరు మరిచిపోయిన రోజు నుంచి మొదలవుతుంది. ఇలాంటి చోట రెన్యూవల్ ధరనే అసలు ధరగా తీసుకుని నిర్ణయించుకోండి.

వీటన్నిటికంటే ఎక్కువ తికమకపెట్టే ప్లాన్ ఇంకొకటి ఉంది. సాఫ్ట్‌వేర్ కొనేవారు దాన్ని ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఏడాదికి ఒప్పుకుని, డబ్బు మాత్రం నెలనెలా కట్టే ప్లాన్ అది. తెర మీద "Annual, billed monthly" వంటి మాటలతో ఉంటుంది. చూడటానికి నెలవారీ ప్లాన్‌లాగే ఉంటుంది, పైగా అసలైన నెలవారీ ప్లాన్‌కంటే చవకగా కనిపిస్తుంది. కానీ మధ్యలో మానేస్తే మిగిలిన నెలల మొత్తంలో కొంత భాగాన్ని రద్దు రుసుముగా తీసుకుంటారు. మన అంకెలతోనే చూద్దాం. ఈ ప్లాన్‌లో నెలకు 10, మానేస్తే మిగిలిన మొత్తంలో సగం కట్టాలి. నాలుగు నెలలు వాడి మానేశారనుకోండి. కట్టింది 40. మిగిలిన ఎనిమిది నెలలకు 80, అందులో సగం మరో 40. మొత్తం 80. అదే నాలుగు నెలలు 15 చొప్పున అసలైన నెలవారీ ప్లాన్‌లో ఉండి ఉంటే 60తో పోయేది. ఈ నిబంధనతో రెండు ప్లాన్లూ సమానమయ్యేది ఆరో నెలలో. అంతకంటే ముందే మానేసే అవకాశం ఉన్నవారికి చవకగా కనిపించే ప్లానే ఖరీదైనది.

ఈ తరహా ప్లాన్ మీద పెద్ద కేసే నడిచింది. ఏడాది ఒప్పందంతో నెలనెలా కట్టే ప్లాన్‌ను ముందుగానే ఎంచి ఉంచి, మొదటి ఏడాదిలో మానేస్తే మిగిలిన మొత్తంలో 50 శాతం రుసుము పడుతుందన్న సంగతిని చిన్న అక్షరాల్లోనూ లింకుల వెనకా దాచిందని ఆరోపిస్తూ, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిఫారసు మీద ఆ దేశ న్యాయశాఖ 2024 జూన్‌లో అడోబీ సంస్థ మీద ఫిర్యాదు దాఖలు చేసింది. ఆ కేసు గురించి చెప్పడానికి కారణం ఒకటే. ఈ రుసుము ఎక్కడ ఉంటుందో వెతకడం మీకు తేలికవుతుంది. ధర పక్కన ఉండే చిన్న "i" గుర్తును గానీ, నిబంధనల లింకును గానీ తెరిచి, "early termination" లేదా "cancellation fee" అనే మాట కోసం చూడండి. ఆ మాట ఉంటే అది నెలవారీ ప్లాన్ కాదు. "Cancel anytime" అనే హామీ కూడా ఇక్కడ అంతగా ఉపయోగపడదు. ఎప్పుడైనా మానేయవచ్చు అంటుంది గానీ, మానేస్తే డబ్బు తిరిగి ఇస్తామని గానీ రుసుము తీసుకోమని గానీ అనదు.

కార్డు బ్లాక్ చేయించుకోమన్న మీ స్నేహితురాలి సలహా మంచి మనసుతో ఇచ్చినదే, కానీ పాటించవద్దు. పాత కార్డు స్థానంలో కొత్త కార్డు వచ్చినప్పుడు, దాని నంబరును చందాలు వసూలు చేసే సంస్థలకు చేరవేసే ఏర్పాటు వీసా, మాస్టర్‌కార్డ్ నెట్‌వర్కుల్లో ఉంది. వీసాలో దాన్ని అకౌంట్ అప్‌డేటర్ అంటారు. కార్డు మారినా చందాలు ఆగిపోకుండా ఉండాలని పెట్టిన సౌకర్యం అది. మీ బ్యాంకు అందులో ఉంటే, మీరు ఎవరికీ నంబరు చెప్పకుండానే కొత్త కార్డు నుంచి కూడా పాత చందా వసూలు కావచ్చు. బ్యాంకు ఆ ఏర్పాటులో లేకపోయినా ఇంకొక చిక్కు ఉంది. వసూలు విఫలమైతే ఒప్పందం రద్దు కాదు, బాకీ మిగులుతుంది. ముఖ్యంగా ఇంతకుముందు చెప్పిన ఏడాది ఒప్పందాల్లో ఆ బాకీ కోసం సంస్థ మీ వెంట పడవచ్చు. అందుకే ఒప్పందాన్ని ఒప్పందం దగ్గరే ముగించాలి. సంస్థ గానీ స్టోర్ గానీ రిఫండ్ నిరాకరించి, మీరు ట్రయల్ గడువులోనే రద్దు చేసినట్లు మీ దగ్గర రుజువు ఉంటే, అప్పుడు బ్యాంకులో ఆ లావాదేవీ మీద అభ్యంతరం దాఖలు చేయవచ్చు. మీ విషయంలో మీరు యాప్ తీసేశారే తప్ప రద్దు చేయలేదు కాబట్టి, ఆ దారి మీకు బలంగా ఉండదు. దాన్ని మొదటి మెట్టుగా వాడితే స్టోర్ మీ ఖాతానే నిలిపివేసే ప్రమాదం కూడా ఉంది.

రద్దు చేసేటప్పుడు ఎదురయ్యే తెరల గురించి కూడా చెప్పాలి. స్టోర్లలో రద్దు రెండు మూడు నొక్కులతో అయిపోతుంది. సొంత వెబ్‌సైట్లలో చాలాచోట్ల అలా కాదు. అమెజాన్ ప్రైమ్ చందా మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో వేసిన కేసులో, రద్దు ప్రక్రియలో నాలుగు పేజీలు, ఆరు నొక్కులు, పదిహేను ఎంపికలు ఉన్నాయని రాసింది. సంస్థ లోపల ఆ ప్రక్రియకు ట్రోయ్ యుద్ధాన్ని వర్ణించే సుదీర్ఘమైన గ్రీకు కావ్యం పేరు "ఇలియడ్" అని పెట్టుకున్నారని కూడా పేర్కొంది. 2025 సెప్టెంబరులో ఆ కేసు 250 కోట్ల డాలర్లకు రాజీ అయింది. మీరు రద్దు చేసే చోట ఇన్ని పేజీలు ఉండకపోవచ్చు, కానీ వరస మాత్రం దాదాపు ఇదే. మీరు కోల్పోయే సౌకర్యాల జాబితా ముందు వస్తుంది, తర్వాత తగ్గింపు ధర వస్తుంది, తర్వాత కొంతకాలం ఆపి ఉంచే అవకాశం వస్తుంది. రద్దు బటన్ చివరి పేజీలోనే ఉంటుంది.

వీటిలో నేను ప్రత్యేకంగా హెచ్చరించదలచుకున్నది ఆపి ఉంచే అవకాశం గురించి. తెర మీద "Pause" అని ఉంటుంది. ఒకసారి రాతకు పనికివచ్చే ఒక సాఫ్ట్‌వేర్ చందాను మానేయబోయి, ఆ బటన్ పెద్దదిగా, ముందుగా కనిపించడంతో అదే నొక్కాను. రద్దయిందనుకున్నాను. మూడు నెలల తర్వాత చందా దానంతట అదే మళ్లీ మొదలైంది, మరో రెండు నెలలు నేను చూసుకోలేదు. ఆపి ఉంచడం రద్దు కాదు. అది వసూలు తేదీని ముందుకు జరపడం మాత్రమే.

రద్దు నిజంగా జరిగిందని తెలుసుకోవడానికి నమ్మదగిన గుర్తు ఒకటే ఉంది. చందా వివరాల్లో తేదీ పక్కన ఏ మాట ఉందో చూడండి. "Renews" అని ఉంటే ఆ తేదీన డబ్బు పోతుంది. "Expires" లేదా "Ends" అని ఉంటే పోదు. రద్దు చేసిన వెంటనే ఈ మాట మారిందో లేదో చూసి, మారకపోతే రద్దు కాలేదనే అనుకోండి. రద్దయినట్లు ఈమెయిల్ కూడా రావాలి. ఆ ఈమెయిల్ ఒక రోజులో రాకపోతే మళ్లీ లోపలికి వెళ్లి చూడండి.

మీ ఇంట్లోని స్ట్రీమింగ్ చందాల విషయానికి వస్తే, కిందటి ఏడాది రసీదులు లేదా చూసిన వాటి జాబితా తీసి, ఒక్కొక్క సేవలో ఎన్ని నెలలు ఏదో ఒకటి చూశారో లెక్కపెట్టండి. దాదాపు ప్రతి సేవలోనూ చూసినవాటి చరిత్ర ఖాతా పేజీలో దొరుకుతుంది. వార్షిక ధరను నెలవారీ ధరతో భాగిస్తే వచ్చే అంకె పక్కన ఈ నెలల సంఖ్య పెట్టి చూడండి. రెండింటి మధ్య కనీసం రెండు నెలల తేడా ఉంటేనే వార్షికానికి వెళ్లండి, ఎందుకంటే రాబోయే ఏడాది కిందటి ఏడాదిలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. మా ఇంట్లో అందరూ రోజూ వాడేది ఒక్కటే ఉంటుంది, దాన్ని వార్షికంగా తీసుకుంటాము. మిగతావాటిని నెలవారీగా తీసుకుని, ఒక సీరియల్ పూర్తికాగానే మానేసి, ఇంకొకటి తీసుకుంటాము. మానేసిన సేవలో మీ ఖాతా, చూసిన చరిత్ర సాధారణంగా కొన్ని నెలలు అలాగే ఉంటాయి కాబట్టి తిరిగి చేరడం కష్టం కాదు. సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ పద్ధతి అన్నివేళలా పనిచేయదు. అక్కడ మీ పనులు సంస్థ క్లౌడ్‌లో ఉండిపోతే, చందా మానేశాక వాటిని తెరవలేకపోవచ్చు. మానేసే ముందు ఆ ఫైళ్లను సాధారణ రూపంలో మీ కంప్యూటర్‌కు దించుకోవాలి. ఫొటోలైతే జేపెగ్, టిఫ్ రూపాలు సరిపోతాయి.

రిఫండ్ విజ్ఞప్తిలో ఏమి రాయాలో మీకు ఇబ్బంది కాకుండా, మీ సంగతికి సరిపోయేలా నాలుగు వాక్యాలు ఇస్తున్నాను. వాళ్ల భాషలోకి మార్చుకుని తేదీలు చేర్చి పంపండి. "ఫలానా తేదీన మొదలైన ఉచిత ట్రయల్‌లో ఐదో రోజే యాప్‌ను తీసేశాను, ఆ తర్వాత ఒక్కసారి కూడా వాడలేదు. ఫలానా తేదీన ఏడాది మొత్తం వసూలైంది. చందాను ఈ రోజు రద్దు చేశాను, స్క్రీన్‌షాట్ జతచేశాను. వసూలైన మొత్తాన్ని అదే కార్డుకు తిరిగి పంపమని కోరుతున్నాను." మోసం, దొంగతనం వంటి మాటలు రాయకండి. మీ విజ్ఞప్తిని చదివే ఉద్యోగికి రిఫండ్ ఇచ్చే అధికారం ఉంటుంది గానీ, ఆరోపణకు జవాబు చెప్పే అధికారం ఉండదు. అలాంటి ఉత్తరం వేరే విభాగానికి వెళ్లి ఆలస్యమవుతుంది.

రిఫండ్ మంజూరైతే కార్డుకు చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. వచ్చే స్టేట్‌మెంట్‌లో పోయిన మొత్తం, వచ్చిన మొత్తం రెండూ వేర్వేరు వరుసల్లో కనిపించాలి. నిరాకరిస్తే, కారణం అడుగుతూ ఒక్కసారి మళ్లీ రాయండి. మొదటి జవాబు తరచుగా తయారుగా ఉంచిన నమూనా జవాబే కాబట్టి, రెండోసారి ఎవరో ఒకరు నిజంగా చదివే అవకాశం ఉంది. అప్పటికీ కాదంటే ఆ ఏడాది మీదే. యాప్‌ను తిరిగి పెట్టుకుని వాడుకోండి. చందా పేజీలో తేదీ పక్కన "Expires" అని ఉందో లేదో మాత్రం ఈ రాత్రికే ఒకసారి, ఆ తేదీకి పది రోజుల ముందు ఇంకొకసారి చూసుకోండి.